20వ వార్షికోత్సవ ప్రసంగం: థాంక్స్ చెప్పాలి, చరిత్ర పాఠం కాకూడదు

ప్రశ్న: మా ఊరి ట్రస్టుకి ఈ డిసెంబరుతో 20 ఏళ్లు నిండుతాయి. నేను కార్యదర్శిని, చేరి ఆరేళ్లే అయింది. వ్యవస్థాపకులకీ, మొదట్లో సాయం చేసినవాళ్లకీ కృతజ్ఞతలు చెబుతూ 10 నిమిషాలు మాట్లాడమన్నారు. ఆరు పేజీలు రాశాను. చదివి వినిపిస్తే మా అబ్బాయి 'సోషల్ పాఠంలా ఉంది నాన్నా' అన్నాడు. నలుగురు వ్యవస్థాపకుల్లో ఒకరు చనిపోయారు, ఒకరు గొడవపడి వెళ్లిపోయారు. ఎవరి పేరు వదిలినా తప్పయ్యేలా ఉంది. ఒకటే టెన్షన్. ఎలా రాయాలి?

సమాధానం:

మీ అబ్బాయి సరిగ్గానే పట్టుకున్నాడండీ. నేను పాతికేళ్లుగా మా జిల్లాలో ట్రస్టులకీ, బడులకీ, గ్రంథాలయాలకీ సభల ప్రసంగాలు రాసిస్తున్నాను. కొన్ని సభలకి వ్యాఖ్యాతగానూ నిలబడ్డాను. వార్షికోత్సవ ప్రసంగం పాఠంలా మారడానికి నాకు కనిపించిన కారణం దాదాపు ప్రతిసారీ ఒకటే. రాసేవాళ్లు సంవత్సరాన్ని పట్టుకుని మొదలుపెడతారు. 2006లో ఇది, 2009లో అది అని ఒకసారి మొదలయ్యాక మధ్యలో ఏ ఏడాదినీ వదలబుద్ధి కాదు. 2011 ఏమైందని ఎవరైనా అడుగుతారేమోనని భయం. అలా ఇరవై ఏళ్లూ వరసగా వచ్చి కూర్చుంటాయి, మనుషులకి చోటుండదు.

మీ ఆరు పేజీలూ ముందు పెట్టుకుని పెన్సిల్ తీసుకోండి. ప్రతి వాక్యం చివర క్రియ చూడండి. 'ఏర్పడింది', 'ప్రారంభించబడింది', 'విస్తరించింది' అని ఉంటే ఆ వాక్యం కొట్టేయండి. అక్కడ పని చేసిన మనిషి లేడు, మనిషి లేనిచోట థాంక్స్ ఎవరికి చెబుతారు? 'తెచ్చారు', 'మోశారు', 'వండారు', 'అడగలేదు' అని ఉన్నవి మాత్రం ఉంచండి. ఆరు పేజీల్లో అలాంటివి ఏడెనిమిది దొరికితే ఎక్కువ. మీ ప్రసంగానికి కావలసిన సరుకు ఆ ఏడెనిమిదే. మిగతాది నివేదికలోకి పోతుంది.

2022లో నేను రాసిన ఒక ప్రసంగం ఎలా తయారైందో చెబితే సులువుగా అర్థమవుతుంది. అది ఏరియా ఆసుపత్రిలో రోగుల వెంట వచ్చినవాళ్లకి మధ్యాహ్నం భోజనం పెట్టే ట్రస్టు. ఆసుపత్రి రోగికి భోజనం ఇస్తుంది కానీ, మంచం పక్కన కూర్చున్న తల్లికో తమ్ముడికో ఇవ్వదు కదా. అందుకోసం పెట్టిన ట్రస్టు. కార్యదర్శిగారు తెచ్చిన డ్రాఫ్టులో మొదటి వాక్యం ఇది: '2002 ఆగస్టులో 40 మందితో ప్రారంభమైన మా అన్నదాన కార్యక్రమం నేడు 300 మందికి చేరిందని చెప్పడానికి సంతోషిస్తున్నాను.'

నేను ఒక్కటే అడిగాను. ఆ 40 మందికి అన్నం ఎక్కడ వండారు?

ఆయనకి తెలియదు. మీలాగే తర్వాత చేరినాయన. ఇద్దరం కలిసి వ్యవస్థాపకుల్లో ఒకరైన రిటైర్డ్ మాస్టారి ఇంటికి వెళ్లాం. మాస్టారిని అడిగితే ఆశయాలు, సేవాభావం, యువత బాధ్యత అంటూ పావుగంట చెప్పారు. నోట్సులో రాసుకోవడానికి ఒక్క ముక్క దొరకలేదు. అసలు విషయం వంటింట్లోంచి వచ్చింది. కాఫీ తెచ్చిన వాళ్లావిడ, 'ఎక్కడో ఏంటండీ, ఇదిగో ఈ పొయ్యి మీదే' అన్నారు. 40 మందికి అయిదు కిలోల బియ్యం. అంత గిన్నె ఇంట్లో లేక రెండు వాయిలుగా వండేవారట. మెడికల్ షాపాయన స్కూటర్ మీద ముందు సాంబారు క్యాను కాళ్ల మధ్య పెట్టుకుని, వెనక అన్నం గిన్నె పట్టుకుని మాస్టారు కూర్చుని ఆసుపత్రికి వెళ్లేవాళ్లట. అలా పద్నాలుగు నెలలు.

అప్పుడు రెండో ప్రశ్న అడిగాను. మీరు కూడా తప్పకుండా అడగండి. 'ఎప్పుడైనా ఆపేద్దామనుకున్నారా?'

ఇద్దరూ ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకున్నారు. రెండో వేసవిలో అనుకున్నారు. కిరాణా కొట్లో బాకీ 11,000 దాటింది. వ్యవస్థాపకులు నలుగురూ శనివారం సాయంత్రం కూర్చుని సోమవారం నుంచి ఆపేద్దామని తేల్చుకున్నారు. బాకీ కొంచెం కొంచెంగా తీరుస్తామని చెప్పడానికి మాస్టారు కొట్టుకి వెళ్లారు. కొట్టాయన అంతా విని, 'బాకీ సంగతి తర్వాత చూద్దాం, సోమవారానికి పప్పు ఎంత పంపమంటారు?' అన్నాడట.

నేను ఇక వేరే ఏమీ వెతకలేదు. పాత పద్దు పుస్తకం తీయించి చూస్తే ఆ వేసవిలో మూడు నెలలు కిరాణా వరస ఖాళీగా ఉంది. అంటే వాళ్లిద్దరూ చెప్పింది నిజమే, సరుకు వచ్చింది, డబ్బు వెళ్లలేదు. ఇలా కాగితంతో సరిచూసుకోవడం ముఖ్యం, ఎందుకో తర్వాత చెబుతాను. చివరికి ప్రసంగం ఇలా మొదలైంది:

'అందరికీ నమస్కారం. 2004 ఏప్రిల్‌లో ఒక శనివారం సాయంత్రం ఈ ట్రస్టు మూతపడింది. ఆ విషయం తెలిసినవాళ్లు ఈ ఊళ్లో నలుగురే. ఆ నలుగురూ అంతకు దాదాపు రెండేళ్ల ముందు 40 మందికి అన్నం పెట్టడం మొదలుపెట్టారు. గిన్నె చాలక మాస్టారి ఇంట్లో అమ్మగారు రెండు వాయిలు వండితే, స్కూటర్ మీద మోసుకెళ్లి పెట్టారు. ఆ శనివారం నాటికి చేతిలో డబ్బు లేదు, కొట్లో 11,000 బాకీ. ఇక ఆపేద్దామని చెప్పడానికి మాస్టారు కిరాణా కొట్టుకి వెళ్లారు. ఆ కొట్టాయన, సోమవారానికి పప్పు ఎంత పంపమంటారని అడిగారు. ఆయన ఇప్పుడు లేరు. వారి అబ్బాయి మూడో వరసలో కూర్చున్నారు. బాబూ, మీ నాన్నగారు ఆ మాట అనకపోతే మేమెవరం ఈ రోజు ఇక్కడ లేం.'

ఇది చదవడానికి దాదాపు ఒక నిమిషం పడుతుంది. ఇందులో ఉన్నది ఒక్క తేదీ. అయినా వ్యవస్థాపకులు, వంట చేసినావిడ, అప్పు పెట్టిన మనిషి అందరూ వచ్చేశారు. 'నిస్వార్థం', 'త్యాగం' అనే మాటలు ఎక్కడా లేవు, వాటి అవసరం రాలేదు. మీ ట్రస్టులోనూ ఇలాంటి శనివారం ఉండే ఉంటుంది. ఒకవేళ లేకపోతే మాత్రం కల్పించొద్దు. ఆ రోజుల వస్తువు ఏదైనా పట్టుకోండి. మొదటి రసీదు పుస్తకం, మొదటి గిన్నె, అద్దెకి తీసుకున్న గది తాళం, ఏదైనా సరే. దాన్ని తెచ్చినవాళ్లు, మోసినవాళ్లు, దాచినవాళ్లు వరసగా వస్తారు.

ఇక పేర్ల సంగతి. మీ అసలు భయం ఇక్కడే ఉంది, కాబట్టి కొంచెం నిదానంగా చెబుతాను.

చాలామంది ట్రస్టు డీడు తీసి అందులో ఉన్న పేర్లనే వ్యవస్థాపకులుగా చదివేస్తారు. డీడు చట్టం కోసం రాసిన కాగితం. అందులో ట్రస్టు పెట్టి మొదటి సొమ్ము జమ చేసినాయన, ట్రస్టీలుగా సంతకం చేసినవాళ్లు, సాక్షులు ఉంటారు. పద్నాలుగు నెలలు అన్నం వండినావిడ ఉండరు. నేను చెప్పిన ట్రస్టులోనే, రోజూ పొద్దున పది గంటలకి వార్డులన్నీ తిరిగి ఈ రోజు ఎంతమందికి భోజనం కావాలో లెక్క చెప్పిన నర్సు ఒకరున్నారు. ఆవిడ పేరు ఏ కాగితంలోనూ లేదు. ఆ లెక్క లేకపోతే అన్నం మిగిలిపోవడమో, చాలకపోవడమో అయ్యేది. కాబట్టి డీడుతో పాటు పని వరస కూడా రాసుకోండి. ఎవరు కొన్నారు, ఎవరు చేశారు, ఎవరు మోశారు, ఎవరు లెక్క రాశారు. ఒక్కో పనికి ఎదురుగా పేరు రాస్తుంటే డీడులో లేనివాళ్లు బయటికొస్తారు. వాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లే కావడం నేను చాలాసార్లు చూశాను.

మొదట్లో డబ్బిచ్చినవాళ్ల కోసం రసీదు పుస్తకాల కౌంటర్‌ఫాయిళ్లు చూడాలి. మీ ఆడిటర్ దగ్గర కంప్యూటర్లో ఉండే దాతల జాబితాని నమ్ముకోకండి. దాతలకి పన్ను మినహాయింపు వచ్చే 80జి గుర్తింపు ఉన్న ట్రస్టులు ఇన్‌కమ్ టాక్స్‌కి దాతల వివరాలతో 10బిడి ఫారం ఇవ్వడం 2021-22 నుంచే మొదలైంది. 2006లో మీకు వంద రూపాయలిచ్చిన మనిషి ఆ జాబితాలో కనపడడు. మొదటి రెండు పుస్తకాలు తీసుకుని ఒక మధ్యాహ్నం కూర్చుంటే చాలు. అక్కడ ఎంత ఇచ్చారో చూడకండి, ఎన్నిసార్లు ఇచ్చారో చూడండి. ఆ ఆసుపత్రి ట్రస్టులో ఒకే పేరు మీద ప్రతి నెలా నూట పదహార్లు, అలా మూడేళ్లు కనిపించింది. ఆయన ఆర్టీసీ కండక్టరు. ఒకేసారి లక్ష ఇచ్చినాయన కథ ఊరందరికీ తెలుసు, శిలాఫలకం మీద కూడా ఉంది. ఈయన సంగతి ఎవరికీ తెలియదు. ప్రసంగంలో ఈయనే ఉండాలి అన్నాను.

రూపాయల అంకెలు వేదిక మీద చదవొద్దు. ఒకరి లక్ష చదివితే ఇంకొకరి నూట పదహార్లు చిన్నబోతాయి, చదవకపోతే రెండూ నిలబడతాయి. బాకీ అంకె వేరు, అది ట్రస్టు కష్టం. దాత పేరు చెప్పేముందు ఫోన్ చేసి అడగండి. కొందరికి ఇష్టం ఉండదు, కొందరికి ఇంట్లో తెలియదు కూడా. మా కండక్టరు గారు పేరు వద్దన్నారు. అందుకని ఇలా రాశాం: 'పేరు చెప్పొద్దన్న ఒక ఆర్టీసీ కండక్టరు ప్రతి నెలా జీతం అందిన మర్నాడు మా కార్యాలయానికి వచ్చేవారు. మూడేళ్లలో ఒక్క నెల తప్పలేదు. ఆయన ఈ సభలోనే ఉన్నారు. నేను అటు చూడను.' హాల్లో నవ్వులు, తర్వాత పెద్ద చప్పట్లు. మూడు నిమిషాల పొగడ్త కంటే అదే ఎక్కువ పని చేసింది.

పది నిమిషాల్లో అయిదుగురి గురించి చెప్పగలరు, ఒక్కొక్కరికీ ఒక్కో పని చొప్పున. ఆరోవాళ్లు చేరిన దగ్గర్నుంచి అది హాజరు పట్టీ అయిపోతుంది. అప్పుడు పిలిచిన పేరు గుర్తుండదు, పిలవని పేరే గుర్తుంటుంది. మరి మిగతావాళ్లు? అందరి పేర్లూ ఒక కరపత్రం మీద అచ్చు వేయించి కుర్చీల్లో పెట్టించండి. అక్షర క్రమంలో వేయించండి, ఇచ్చిన మొత్తం వరసలో కాదు. వేదిక మీద నుంచి మాత్రం 'మొదటి రెండు రసీదు పుస్తకాల్లో పేరున్నవాళ్లు, వాళ్ల పిల్లలు ఒకసారి చెయ్యెత్తండి' అనండి. లేచి నిలబడమనొద్దు, ఆ వయసుకి మోకాళ్లు సహకరించవు. చేతులు లేచాక ఒక పది సెకన్లు మీరు మాట్లాడకుండా ఆగండి.

కాగితంతో సరిచూసుకోమన్నాను కదా. ఇందులో నేను దెబ్బతిన్నాను. చాలా ఏళ్ల క్రితం ఒక ప్రసంగంలో ఒక పెద్దమనిషిని 'మొట్టమొదటి విరాళం ఇచ్చినవారు' అని రాశాను. ఆయన స్నేహితుడు చెప్పింది విని రాసేశాను. సభ అయ్యాక ఒకావిడ వేదిక దగ్గరికి వచ్చారు. ఒకటో నంబరు రసీదు వాళ్ల నాన్నగారి పేరు మీద వాళ్లింట్లో ఫ్రేము కట్టి ఉందట. ఆవిడ కోప్పడి ఉంటే బాగుండేది, కళ్లనీళ్లు పెట్టుకున్నారు. అప్పట్నుంచి కాగితం చూడందే 'మొదటి' అనే మాట వాడను. 'మొదటి రోజుల్లో' అంటాను. జ్ఞాపకం మీద ఆధారపడిన ప్రతి సంగతీ ఇద్దరిని విడివిడిగా అడుగుతాను. ఇద్దరు రెండు రకాలుగా చెబితే ఆ వివరం తీసేస్తాను.

చనిపోయిన వ్యవస్థాపకుడి గురించి. 'భౌతికంగా మన మధ్య లేకపోయినా' అని మొదలుపెట్టకండి. ఆ వాక్యం వినగానే జనం సెల్‌ఫోన్లు తీస్తారు. ఆయన అలవాటు ఒకటి చెప్పండి. మీటింగుకి ఎప్పుడూ పది నిమిషాలు ముందే వచ్చి కుర్చీలు వేసేవారనో, ఖర్చు కాగితం వెనక్కి తిప్పి మళ్లీ వాడేవారనో. తెలిసినవాళ్లకి మనిషి కళ్లముందు కనబడతాడు. మౌనం పాటించేది ఉంటే సభ మొదట్లో పెట్టించండి, మీ ప్రసంగం మధ్యలో వద్దు. ఏం చెప్పబోతున్నారో వాళ్లింట్లో ముందే చెప్పండి. ముందు వరసలో కూర్చున్న భార్యకి అది హఠాత్తుగా వినిపించకూడదు.

గొడవపడి వెళ్లిపోయినాయన పేరు వదలొద్దు. వదిలితే సభంతా ఆ పేరే తలుచుకుంటుంది. అలాగని 'కొన్ని కారణాంతరాల వల్ల' అని కూడా అనొద్దు, ఆ ముక్కతోనే గుసగుసలు మొదలవుతాయి. ఆయన ఉన్న రోజుల్లో చేసిన పని ఒకటి, మిగతా ముగ్గురితో పాటు, అదే గొంతుతో చెప్పండి. 'మొదటి మూడేళ్ల లెక్కల పుస్తకం ఆయన చేతిరాతే. ఒక్క కొట్టివేత లేదు.' అంతే. వెళ్లడం గురించి ఒక్క మాట వద్దు. మిగతా ఇద్దరికీ ఈ సంగతి ముందే చెప్పి ఒప్పించండి. వేదిక మీద వాళ్ల మొహం మారితే మీరు చెప్పింది నీరుగారిపోతుంది. ఆహ్వానం కూడా కొరియర్లో పంపకుండా ఇంటికి వెళ్లి ఇవ్వండి. ఆయన రాకపోవచ్చు. ఆస్తి గురించి కోర్టులో కేసేమైనా నడుస్తుంటే మాత్రం ఆ వాక్యం ముందుగా మీ లాయరుకి చూపించండి.

కార్యక్రమం వరస కూడా మీ చేతిలో ఉన్నట్టుంది కాబట్టి ఇది చూసుకోండి. మీ ప్రసంగం వ్యవస్థాపకుల సన్మానానికి సరిగ్గా ముందు ఉండాలి. సాధారణంగా సన్మానం ముందు వ్యాఖ్యాత బయోడేటా చదువుతారు, ఎక్కడ పుట్టారు, ఏ డిగ్రీ అని. దానికి బదులు మీరు మాట్లాడి దిగగానే శాలువా కప్పితే అది ఎందుకు కప్పుతున్నారో హాలంతటికీ తెలుస్తుంది. మైకు, షామియానా, భోజనాల వాళ్లకి థాంక్స్ మీరు చెప్పొద్దు, వందన సమర్పణ చేసేవారికి వదిలేయండి. ఆయనతో ముందే మాట్లాడుకుంటే ఇద్దరూ ఒకే పేర్లు చదివే ఇబ్బంది రాదు. వేదిక మీది తొమ్మిది మందినీ హోదాలతో సహా సంబోధిస్తే రెండు నిమిషాలు పోతాయి. వ్యాఖ్యాత ఆ పని ఎప్పుడో చేసేసి ఉంటారు. మీకు 'వేదిక మీది పెద్దలకి, ఎదురుగా ఉన్న పెద్దలకి నమస్కారం' చాలు.

ట్రస్టు ఎదిగిన అంకెలు చెప్పాలని ఉంటే ఒక్కటి చెప్పండి, అదీ చివర్లో. మిగతా సంవత్సరాలు, అంకెలు, ఫొటోలు ఒక ఫ్లెక్సీ మీద వేయించి భోజనాల దగ్గర క్యూ నడిచే గోడకి కట్టించండి. ప్లేటు పట్టుకుని నిలబడ్డ జనం దాన్ని అక్షరం వదలకుండా చదువుతారు. కుర్చీలో కూర్చోబెట్టి వినిపిస్తే వినరు.

నిడివి గురించి. తెలుగులో వేదిక మీద నిదానంగా మాట్లాడితే నాకు నిమిషానికి 85, 90 మాటలు పడతాయి. చప్పట్లకీ, మీరు ఆగేచోట్లకీ కొంత పోతుంది కాబట్టి 750 మాటలు దాటనివ్వకండి. ఇంట్లో నిలబడి, గొంతెత్తి, గడియారం పెట్టుకుని చదవండి. మనసులో చదివితే ఎప్పుడూ తక్కువ టైమే చూపిస్తుంది. గొంతు బొంగురుపోయే వాక్యం ఒకటి ఉంటుంది, దాని తర్వాత చిన్న వాక్యం రాసుకోండి, ఆగినా ఇబ్బంది ఉండదు. ఇంకోటి, నాలుగు నిమిషాల ప్రసంగం కూడా వేరే కాగితం మీద సిద్ధంగా ఉంచుకోండి. ముఖ్య అతిథి ఆలస్యంగా వచ్చి వెంటనే వెళ్లాలంటే ముందు కోత పడేది మీ టైముకే. అప్పుడు ఆ శనివారం కథ, చేతులెత్తించడం, చివరి ముక్క ఈ మూడూ మిగిలితే చాలు.

చివర్లో విరాళాలు అడగొద్దు. పాత సాయానికి థాంక్స్ చెబుతూ కొత్త సాయం అడిగితే అప్పటిదాకా చెప్పిందంతా అందుకోసమే అన్నట్టు ఉంటుంది. అడగాల్సి వస్తే అధ్యక్షులు వేరే అడుగుతారు. మా కార్యదర్శిగారి ప్రసంగం ఆదివారం జరిగింది, దాని చివర ఇలా ఉంది: 'రేపు సోమవారం. పొద్దున పది గంటలకి వార్డుల నుంచి లెక్క వస్తుంది. ఇప్పుడది 300. ఆ లెక్క పట్టుకుని మా కుర్రాడు అదే కిరాణా కొట్టుకి వెళతాడు. పప్పు ఎంత పంపమంటారని వాళ్లు అడుగుతారు.' నమస్కారం పెట్టి దిగిపోయారు.

ఈ వారంలో ముందు వ్యవస్థాపకుల ఇళ్లకి వెళ్లండి. వాళ్లు హాల్లో కూర్చోబెట్టి మాట్లాడుతుంటే వినండి, కానీ వంటింట్లోకి కూడా ఒక ప్రశ్న వేసి రండి.